డిలీట్ చేసిన మెయిల్ ఎన్నాళ్లు దొరుకుతుంది? జీమెయిల్ 30 రోజుల లెక్క

మెయిళ్లు ఎక్కువగా పోయేది హ్యాకింగ్ వల్ల కాదు, ఇల్లు సర్దినట్టు మెయిల్‌బాక్స్ సర్దేటప్పుడు. జీమెయిల్, డ్రైవ్, ఫొటోలు అన్నింటికీ కలిపి గూగుల్ ఉచితంగా ఇచ్చేది 15 జీబీ. అది నిండిందని హెచ్చరిక రాగానే చాలామంది `larger:10M` అని వెతికి, వచ్చినవన్నీ ఒకేసారి టిక్ చేసి తొలగిస్తారు. ఇంటి రిజిస్ట్రేషన్ స్కాన్లు, వీసా కాగితాలు, పిల్లల మార్కుల మెమోలు కూడా ఆ పెద్ద అటాచ్‌మెంట్లలోనే ఉంటాయి. పైగా జీమెయిల్ ఒకే విషయం మీద జరిగిన ఉత్తర ప్రత్యుత్తరాలను ఒక్క సంభాషణగా చూపిస్తుంది. జాబితాలో దాన్ని టిక్ చేసి తొలగిస్తే అందులోని చిన్న మెయిళ్లు కూడా వెంట పోతాయి.

తొలగించినవి వెంటనే చెరిగిపోవు. Bin అనే ఫోల్డర్‌లోకి వెళ్తాయి, భాష సెట్టింగును బట్టి కొందరికి అది Trash అని కనిపిస్తుంది. అక్కడ 30 రోజులు ఉంటాయి. ఆ గడువు మెయిల్ వచ్చిన రోజు నుంచి కాదు, మీరు తొలగించిన రోజు నుంచి మొదలవుతుంది. కానీ Bin లో వరుస మెయిల్ వచ్చిన తేదీ ప్రకారమే ఉంటుంది. 2019లో వచ్చిన మెయిల్‌ను నిన్న తొలగిస్తే అది పైన కాదు, ఎక్కడో అడుగున ఉంటుంది. మొదటి పేజీ చూసి లేదనుకుని వదిలేసేవారు ఇక్కడే పొరబడతారు.

సాధారణ వెతుకులాట Bin, Spam లను తాకదు. అందుకే పంపినవారి చిరునామాతో కలిపి ఇలా టైప్ చేయాలి:

```
in:anywhere from:పంపినవారి-చిరునామా
```

ఫలితాల్లో మెయిల్ పక్కన Bin అని లేకపోతే, అది అసలు తొలగిపోలేదు. వేలు జరిపినప్పుడు ఆర్కైవ్ అయి ఉంటుంది. ఆర్కైవ్ చేసినవి All Mail లో గడువు లేకుండా ఉంటాయి. Bin లో దొరికితే దాన్ని ఎంచుకుని Move to inbox చేయాలి. తిరిగొచ్చాక కూడా అది ఇన్‌బాక్స్‌లో పాత తేదీ దగ్గరే కూర్చుంటుంది కాబట్టి పైన కనబడలేదని కంగారుపడక్కర్లేదు.

అయితే 30 రోజులనేది హామీ కాదు, గరిష్ఠ గడువు మాత్రమే. Bin లో ఉన్నవి కూడా 15 జీబీ లెక్కలోకే వస్తాయి. కాబట్టి స్థలం కోసం తొలగించినవారు ఆ వెంటనే Empty Bin now కూడా నొక్కేస్తారు. దాంతో గడువు ఆ క్షణమే ముగుస్తుంది.

ఆ తర్వాత సంగతి ఖాతా ఎవరిదన్న దాన్ని బట్టి ఉంటుంది. కంపెనీ లేదా కాలేజీ ఇచ్చిన గూగుల్ వర్క్‌స్పేస్ ఖాతా అయితే, Bin నుంచి పోయిన తర్వాత మరో 25 రోజుల వరకు అక్కడి అడ్మిన్ తిరిగి తేగలరు. ఒక ఉద్యోగి మార్చి 3న మెయిల్ తొలగించి ఊరుకున్నారనుకుందాం. ఏప్రిల్ 2 వరకు అది Bin లో ఉంటుంది, తనే తీసుకోవచ్చు. అక్కడి నుంచి ఏప్రిల్ 27 వరకు అడ్మిన్ చేతిలో ఉంటుంది. అదే ఉద్యోగి మార్చి 3నే Bin ఖాళీ చేసి ఉంటే ఆ 25 రోజులు ఆ రోజు నుంచే నడుస్తాయి, మార్చి 28తో సరి. ‘నెలాఖరులో ఐటీ వాళ్లను అడుగుదాంలే’ అనుకుంటే చేయి దాటిపోతుంది. అడిగేటప్పుడు తొలగించిన తేదీ చెప్పాలి, అడ్మిన్ వెతికేది తేదీల మధ్యనే.

వ్యక్తిగత జీమెయిల్‌కు ఈ రెండో గడువు లేదు. అప్పుడు మిగిలేది ఇతర చోట్ల ఉన్న కాపీలు. మీరు తొలగించింది మీ కాపీని మాత్రమే, పంపినవారి Sent లో ఉన్నది అలాగే ఉంటుంది. వారిని మళ్లీ పంపమని అడగడమే తరచుగా పనిచేసే మార్గం. మరొకటి, కొన్నాళ్లుగా తెరవని పాత ల్యాప్‌టాప్‌లో అవుట్‌లుక్ లేదా థండర్‌బర్డ్‌లో ఇదే ఖాతా పెట్టుకుని ఉంటే అందులో పాత మెయిళ్లు దిగి ఉండవచ్చు. దాన్ని ఆన్ చేసే ముందు ఇంట్లో వైఫై ఆపాలి, లాన్ తీగ ఉంటే పీకేయాలి. నెట్ తగిలిందంటే ఆ ప్రోగ్రాం సర్వర్‌తో సరిచూసుకుని అక్కడ లేని వాటిని ఇక్కడా తీసేస్తుంది. నెట్ లేకుండా తెరిచి, కావలసిన మెయిల్‌ను ఫైలుగా సేవ్ చేసుకున్నాకే కలపాలి.

ఇంటర్నెట్‌లో ‘జీమెయిల్ రికవరీ సాఫ్ట్‌వేర్’ పేరిట అమ్మేవి మీ హార్డ్ డిస్క్‌ను మాత్రమే గాలించగలవు. గూగుల్ సర్వర్‌లో చెరిగిన మెయిల్‌ను అవి చూడలేవు. ఆ పనికని పాస్‌వర్డ్ అడిగితే అది దొంగతనం కిందే లెక్క.

మెయిళ్లు మీరు తొలగించకుండానే Bin లోకి వెళ్తుంటే సెట్టింగుల్లో ఫిల్టర్లు చూడండి. ఎప్పుడో పెట్టుకున్న Delete it నియమం ఒకటి అక్కడ ఉండి ఉండవచ్చు. దాన్ని తీసేసే వరకు వెనక్కి తెచ్చిన మెయిల్ ఉంటుంది గానీ, కొత్తగా వచ్చేది మళ్లీ Bin లోకే పోతుంది.