కెల్లీ సూత్రం: పూర్తి వాటా నుంచి సగం వాటా వరకు

లాభం వచ్చే అవకాశం ఎక్కువగా ఉన్న వ్యాపారంలో సైతం చేతిలోని మూలధనమంతా పెట్టవచ్చా, కొంత భాగమే పెట్టాలా అన్న ప్రశ్నకు గణితశాస్త్రంలో తొలి బీజం 1738లో పడింది. ఆ సంవత్సరం సెయింట్ పీటర్స్‌బర్గ్ అకాడమీ ప్రచురించిన లాటిన్ వ్యాసంలో డేనియల్ బెర్నూలీ, ఒక రూపాయి లాభం విలువ అది పొందేవాడి దగ్గర అప్పటికే ఉన్న ఆస్తిని బట్టి తగ్గుతుందనీ, అందువల్ల సంపదను దాని సంవర్గమానంతో కొలవడం సమంజసమనీ ప్రతిపాదించాడు. ఎంత వాటా పెట్టాలన్న సంగతిని దీని నుంచి ఒక స్పష్టమైన నియమంగా రాబట్టడానికి మాత్రం రెండు వందల ఏళ్లకు పైగా పట్టింది.

అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో పనిచేసిన జాన్ లారీ కెల్లీ 1956లో ఆ నియమాన్ని ప్రకటించాడు. తన సహోద్యోగి క్లాడ్ షానన్ నిర్మించిన సమాచార సిద్ధాంతానికి కొత్త వ్యాఖ్యానం చెప్పడమే ఆయన ఉద్దేశం. పందేల ఫలితాలు ముందుగానే ఒక తీగ ద్వారా ఒక జూదరికి అందుతున్నాయనీ, అయితే తీగలో అంతరాయాల వల్ల వాటిలో కొన్ని తప్పుగా చేరుతున్నాయనీ ఆయన ఊహించాడు. ప్రతిసారీ ఉన్నదంతా ఒడ్డేవాడు తప్పుడు వార్త వచ్చిన మొదటి రోజునే దివాలా తీస్తాడు. అసలేమీ ఒడ్డనివాడు పెరగడు. ఈ రెండింటి నడుమ, మూలధనపు సంవర్గమానం సగటున అత్యధికంగా పెరిగే వాటా ఒకటి ఉంటుందని కెల్లీ చూపాడు. గెలిస్తే పెట్టినంత వచ్చి, ఓడితే పెట్టినదంతా పోయే పందెంలో గెలుపు అవకాశం నూటికి 60 అయితే ఆ వాటా మూలధనంలో 20 శాతం. లాభనష్టాల పరిమాణం వేరుగా ఉన్నప్పుడు f = p/b − q/a అన్న సూత్రం వర్తిస్తుంది; ఇందులో p లాభం వచ్చే అవకాశం, q నష్టం వచ్చే అవకాశం, a, b అనేవి పెట్టిన ప్రతి రూపాయికీ కలిగే లాభం, నష్టం.

ఈ సూత్రం చెప్పే వాటా ఎంత పెద్దదో, అది ఎక్కడ ప్రమాదకరమవుతుందో పలాస, ఉద్దానం ప్రాంతాల జీడి వ్యాపారానికి అన్వయిస్తే తేటగా కనిపిస్తుంది. అక్కడ వేసవిలో రైతుల దగ్గర 80 కిలోల బస్తాల లెక్కన జీడి పిక్కలు కొని, ధర పెరిగే వరకు నిల్వ ఉంచడం ఒక రకమైన పందెమే. లెక్క సులువుగా ఉండడానికి బస్తా ధర 10,000 రూపాయలనీ, వ్యాపారి సొంత మూలధనం 10 లక్షలనీ, కొన్ని నెలల తరువాత ధర 12,000కు పెరిగే అవకాశం నూటికి 60, 8,000కు పడిపోయే అవకాశం 40 అనీ అనుకుంటే, a, b రెండూ 0.2 అవుతాయి కాబట్టి f = 0.6/0.2 − 0.4/0.2 = 1 వస్తుంది. అంటే పది లక్షలూ పిక్కల్లో పెట్టి వంద బస్తాలు కొనమని పూర్తి కెల్లీ సలహా.

అయిదు సీజన్లలో మూడు మంచివి, రెండు చెడ్డవి అయితే ఈ వ్యాపారి పది లక్షలు 11.06 లక్షలవుతాయి. సగం సొమ్మే పిక్కల్లో పెట్టి మిగతాది కదపకుండా ఉంచుకున్నవాడికి 10.78 లక్షలు మిగులుతాయి. ఇంకో పది లక్షలు అప్పు తెచ్చి రెండు వందల బస్తాలు కొన్నవాడికి, వడ్డీ లెక్కలోకి తీసుకోకపోయినా, 9.88 లక్షలే మిగులుతాయి. మూడుసార్లు గెలిచి రెండుసార్లే ఓడినా అసలు తరిగిపోవడానికి కారణం, 40 శాతం పోయిన సొమ్మును పూడ్చుకోవడానికి 40 శాతం లాభం చాలకపోవడం. కెల్లీ వాటాకు రెట్టింపు దగ్గర వృద్ధి దాదాపు సున్నాకు చేరుతుందన్న సాధారణ ఫలితమే ఇక్కడ రూపాయల్లో కనిపిస్తోంది.

కెల్లీ 1965లో చిన్న వయసులోనే మరణించాడు. ఆయన సూత్రం అప్పటికే ఇతరుల చేతుల్లో పెరిగింది. 1961లో లియో బ్రైమన్, దీర్ఘకాలంలో ఈ పద్ధతి మరే భిన్నమైన పద్ధతినైనా మించిపోతుందని గణితపరంగా నిరూపించాడు. షానన్ ద్వారా దీన్ని తెలుసుకున్న ఎడ్వర్డ్ థార్ప్ ముందు బ్లాక్‌జాక్ అనే పేకాటలోనూ, తరువాత పెట్టుబడి నిధి నిర్వహణలోనూ ప్రయోగించాడు. మరోవైపు ఆర్థికవేత్త పాల్ శామ్యూల్సన్ దీన్ని తీవ్రంగా వ్యతిరేకిస్తూ 1979లో ఏకాక్షర ఆంగ్ల పదాలతోనే దాదాపుగా ఒక వ్యాసమంతా రాశాడు. దీర్ఘకాలంలో ముందుండే అవకాశం ఎక్కువైనంత మాత్రాన, మధ్యలో కలిగే నష్టాన్ని అందరూ ఒకేలా భరించగలరనుకోవడం పొరపాటని ఆయన వాదన. బ్రైమన్ నిరూపణకు ఇది ఖండన కాదు. అయినా మనుషుల విషయంలో శామ్యూల్సన్ మాటకే బలం ఎక్కువ.

ఆ బలం ఎంతో థార్ప్ వివరించిన లెక్కల్లో తెలుస్తుంది. పందేలు చిన్నవిగా, అనేకంగా ఉన్నప్పుడు పూర్తి కెల్లీ పాటించేవాడి మూలధనం ఎప్పుడో ఒకప్పుడు మొదటి మొత్తంలో సగానికి పడిపోయే అవకాశం రెండింట ఒకటి. సగం కెల్లీ పాటిస్తే అది ఎనిమిదింట ఒకటికి తగ్గుతుంది, వృద్ధి మాత్రం మూడొంతులు, అంటే నూటికి 75 పాళ్లు, నిలుస్తుంది. పావు వంతు వృద్ధిని వదులుకుని ఇంత భద్రత పొందడం వర్తకులకు లాభసాటి బేరంగా తోచింది. వృద్ధికీ భద్రతకూ మధ్య ఉన్న ఈ మారకాన్ని మెక్‌లీన్, జియెంబా, బ్లజెన్‌కో 1992లో క్రమపద్ధతిలో విశ్లేషించారు.

అంతకన్నా బలమైన కారణం, సూత్రంలో p అని రాసే సంఖ్య ఎవరికీ కచ్చితంగా తెలియకపోవడం. పేకలో మిగిలిన ముక్కలను లెక్కపెట్టవచ్చు; పిక్కల ధరను గాని, షేరు ధరను గాని అలా లెక్కపెట్టలేరు. పై వ్యాపారి 60 అనుకున్న అవకాశం నిజానికి 55 మాత్రమే అయితే, ఇరవై సీజన్లలో పదకొండు మంచివి, తొమ్మిది చెడ్డవి వచ్చినప్పుడు, మొత్తం సొమ్ము పెట్టినవాడి దగ్గర 9.97 లక్షలు ఉంటాయి, అంటే ఇరవై సీజన్ల శ్రమా వృథా. సగమే పెట్టినవాడి దగ్గర 11.05 లక్షలు ఉంటాయి. అంచనా సరైనదే అయి పన్నెండు మంచి సీజన్లు వస్తే మొదటివాడికి 14.96 లక్షలు, రెండవవాడికి 13.51 లక్షలు. ఇరవైలో ఒక్క సీజన్ తేడా ఇద్దరి స్థానాలనూ తారుమారు చేస్తున్నందువల్ల, తన అనుభవం చెప్పిన అవకాశం అయిదు పాళ్లు ఎక్కువై ఉండవచ్చని ఒప్పుకునే ప్రతి వర్తకుడూ సగం కెల్లీ వైపే మొగ్గాలి. ఇరవై సీజన్ల ఖాతాలు చూసినా 55కూ 60కీ తేడా తేల్చడం సాధ్యం కాదు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ తుపాను మరో పరిమితిని చూపింది. ఉద్దానంలో జీడి, కొబ్బరి తోటలు ఒక్క రాత్రిలో నేలకూలాయి. కొత్తగా నాటిన జీడి మొక్క కాపుకు రావడానికే మూడు నాలుగేళ్లు పడుతుంది. సొంత తోట, గోదాములో పిక్కల నిల్వ, రైతులకు ఇచ్చిన బయానా సొమ్ము అనే మూడింటికీ విడివిడిగా కెల్లీ వాటాలు కట్టుకునే వ్యాపారి వాటిని మూడు వేర్వేరు పందేలుగా భావించవచ్చు గాని, అటువంటి గాలి ముందు అవి ఒకే పందెం. మూడు వాటాలనూ కలిపితే అతడు తనకు తెలియకుండానే పూర్తి కెల్లీని దాటి, వృద్ధి సున్నా అయ్యే గీత వైపు జరిగి ఉంటాడు. ఒకే రంగానికి చెందిన నాలుగు షేర్లు కొని వాటిని నాలుగు పందేలుగా లెక్కవేసే మదుపరి పరిస్థితీ ఇంతే.

కాబట్టి ఉద్దానం వంటి చోట వర్తకుడు ముందుగా ఒకే తుపానుకు లోనయ్యే పెట్టుబడులన్నిటినీ ఒక్క పద్దు కింద కలిపి, ఆ మొత్తానికే కెల్లీ వాటా కట్టాలి. అలా వచ్చిన వాటాలో సగానికి మించి పెట్టరాదు, అప్పు తెచ్చిన సొమ్మును కూడా ఆ సగంలోనే లెక్కించాలి.