బన్‌గావ్ ఆసుపత్రిలో ఉప్పునీళ్ల డ్రమ్ము

1971 జూన్ చివరి వారం. పశ్చిమ బెంగాల్‌లో తూర్పు పాకిస్తాన్ సరిహద్దుకు దగ్గరగా ఉన్న బన్‌గావ్. యుద్ధానికి భయపడి నెత్తిన మూటలతో, చంకన పిల్లలతో లక్షల మంది సరిహద్దు దాటి వస్తున్నారు. వాళ్ల వెంటే కలరా వచ్చింది.

ఊరి ఆసుపత్రిలో కలరా రోగులకు ఇచ్చినవి రెండు గదులు. మంచాలు నిండిపోయాయి, మిగిలినవాళ్లంతా నేల మీదే. కలకత్తా నుంచి వచ్చిన పిల్లల వైద్యుడు దిలీప్ మహలనోబిస్ ఎవరికైనా సెలైన్ ఎక్కించాలంటే వాంతుల్లో, విరేచనాల్లో మోకాళ్ల మీద కూర్చోవలసి వచ్చేది. పెద్దవాళ్లలో కలరా ముదిరితే గంటకు లీటరు దాకా నీళ్లు బయటికి పోతాయి. ఇటు చూస్తే సెలైన్ సీసాలు అయిపోవస్తున్నాయి, సూది పెట్టడం వచ్చినవాళ్లు కొద్దిమందే.

అప్పుడు ఆయన ఒక నిర్ణయం తీసుకున్నారు. ఉన్న సీసాలను నాడి అందని రోగులకే ఉంచి, మింగగలిగినవాళ్లందరికీ తాగించడం మొదలుపెట్టారు. కలకత్తాలో ఆయన పనిచేసే పరిశోధన కేంద్రం లైబ్రరీ గది పొట్లాలు కట్టే చోటయింది. లీటరుకు 22 గ్రాముల గ్లూకోజ్, మూడున్నర గ్రాముల ఉప్పు, రెండున్నర గ్రాముల తినేసోడా. తూచి, ప్లాస్టిక్ సంచుల్లో పోసి, ఇస్త్రీపెట్టెతో అంచులు అతికించారు. ఖర్చు లీటరుకు 11 పైసలు. బన్‌గావ్‌లో దాన్ని పెద్ద డ్రమ్ముల్లో కలిపి, కుళాయి బిగించి, పేరు మాత్రం ‘ఓరల్ సెలైన్’ అని పెట్టారు. సెలైన్ అంటే ప్రాణం పోసేదని అందరికీ తెలుసు కదా.

అక్కడి ఒక రాత్రిని ఊహించుకుంటే నాకిలా కనిపిస్తుంది. మాటలు నావి, పరిస్థితి నిజమైనది. ఒక తల్లి ఒడిలో కొడుకు. కళ్లు లోతుకు పోయాయి, పొట్ట మీద చర్మం పట్టి వదిలితే మడత అలాగే నిలిచిపోతోంది.

“సీసా ఎక్కించరా, డాక్టర్ బాబూ?”

“ఇదీ సెలైనేనమ్మా. తాగే సెలైన్. కొంచెం కొంచెంగా పడుతూ ఉండు.”

“పట్టిందంతా కిందికి పోతోంది బాబూ. మళ్లీ అయింది.”

“అవుతుందమ్మా. ఎంత పోయిందో చూసుకుని అంత మళ్లీ పట్టు. ఆపొద్దు.”

ఆ తల్లి సందేహంలో తప్పేమీ లేదు. వైద్యం చదివే విద్యార్థులు కూడా మొదట అడిగేది ఇదే: విరేచనం ఆగకపోతే ఈ నీళ్లు చేసిందేమిటి?

కలరా విషం చిన్నపేగు కణంలో సైక్లిక్ ఏఎంపీని విపరీతంగా పెంచుతుంది. దాంతో క్లోరైడ్ బయటికి పోయే ద్వారం తెరుచుకుని మూతపడదు. క్లోరైడ్ వెంట సోడియం, సోడియం వెంట నీళ్లు పేగులోకి దిగిపోతాయి. మామూలుగా ఉప్పును లోపలికి లాగే దారి కూడా ఆ సమయంలో మూసుకుపోతుంది. అందుకే ఉత్త ఉప్పునీళ్లు తాగిస్తే లాభం ఉండదు. అయితే ఒక్క దారిని మాత్రం ఆ విషం తాకదు. పేగు కణం పైపొరలో ఎస్‌జీఎల్‌టీ1 అనే ప్రోటీన్ ఉంది. గ్లూకోజ్, సోడియం రెండూ చేతికందితే తప్ప అది ఏ ఒక్కదాన్నీ దాటించదు. ఒక గ్లూకోజ్ అణువుతో రెండు సోడియం అయాన్లను తీసుకెళ్తుంది. లోపలికి చేరిన సోడియంను కణం వెనకవైపున్న పంపు రక్తం వైపు తోస్తుంది, అక్కడ పోగైన ఉప్పు నీటిని తనవైపు లాగుతుంది. కారడం ఒకవైపు సాగుతూనే ఉంటుంది, మరోవైపు నింపడం అంతకు మించి సాగుతుంది. ఇక్కడ గ్లూకోజ్‌ను బలం కోసం కలిపారనుకునేవాళ్లు చాలామంది. అది సోడియంకు తోడు, అంతే.

ఈ జంట ప్రయాణాన్ని రాబర్ట్ క్రేన్ 1960లోనే ప్రతిపాదించారు. 1968లో ఢాకాలో డేవిడ్ నలిన్, రిచర్డ్ క్యాష్ కలరా రోగుల మీద పరీక్షించి ఫలితం చూపారు. అయితే అది పరిశోధకుల కనుసన్నల్లో జరిగింది. బన్‌గావ్‌లో కప్పు పట్టింది తల్లులు, అన్నలు, భర్తలు. అయినా రెండు నెలల్లో చికిత్స పొందిన 3,700 మందికి పైగా రోగుల్లో మరణాలు 3.6 శాతం దగ్గర నిలిచాయి. అంతకుముందు అవి 30 శాతం దాకా ఉండేవి.

ఇప్పుడు ఆ డ్రమ్ములోని నీళ్లను లెక్కగట్టి చూద్దాం. ఆస్మోలారిటీ అంటే లీటరు ద్రావణంలో ఎన్ని రేణువులు కరిగి ఉన్నాయన్న లెక్క. రేణువు పెద్దదా చిన్నదా అన్నది లెక్కలోకి రాదు. మూడున్నర గ్రాముల ఉప్పు విడిపోతే 60 మిల్లీమోల్ సోడియం, 60 క్లోరైడ్. సోడా నుంచి మరో 30 సోడియం, 30 బైకార్బొనేట్. గ్లూకోజ్ 111. అన్నీ కూడితే 291. మన రక్తం కూడా దాదాపు అంతే.

తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ పొటాషియం కూడా చేర్చింది, ఆపైన నిల్వ కోసం సోడా బదులు సిట్రేట్ వచ్చింది. అలా కుదిరిన మొత్తం 311. రక్తం కంటే ఇది కాస్త చిక్కన. కలరా కాని విరేచనాలున్న పిల్లల్లో ఇక్కడే చిక్కొచ్చింది. ఒంట్లోకి వెళ్లలేక మిగిలిన గ్లూకోజ్ పేగులోనే ఉండి నీటిని తనవైపు లాక్కుంటుంది. కలరాలో పోయినంత సోడియం ఆ పిల్లల విరేచనంలో పోదు కాబట్టి ఇందులోని 90 సోడియం వాళ్లకు ఎక్కువ కూడా. 2002లో సోడియం, గ్లూకోజ్ రెంటినీ 75కు దించి మొత్తాన్ని 245 చేశారు. రక్తం కంటే పలచనైన ద్రావణం నుంచి నీరు సులువుగా లోపలికి పోతుంది. పరీక్షల్లో విరేచనం దాదాపు అయిదో వంతు తగ్గింది, సెలైన్ ఎక్కించవలసి వచ్చిన పిల్లలు మూడో వంతు తగ్గారు. గ్లూకోజ్‌ను మరీ తగ్గిస్తే సోడియంకు తోడు కరువవుతుంది, అందుకే రెండూ సమానంగా ఉంచారు.

ఈ అంకెలన్నీ ఒక్క గ్లాసులో తలకిందులవుతాయి. లీటరు పొట్లాన్ని 200 మిల్లీలీటర్ల గ్లాసులో కలిపారనుకోండి. 245 కాస్తా అయిదింతలై 1,225 అవుతుంది, సోడియం 375. ఆ నీళ్లు పేగులో పడితే రక్తంలోని నీరే పేగులోకి దిగుతుంది. విరేచనం పెరుగుతుంది, రక్తంలో సోడియం పెరుగుతుంది. బిడ్డ తీరని దాహంతో కప్పు లాక్కుంటుంది, పట్టుకుంటే చిరాకుగా ఏడుస్తుంది, ముదిరితే ఫిట్స్ వస్తాయి. ‘పొట్లం తాగిస్తున్నా తగ్గట్లేదు’ అని తల్లి అన్నప్పుడు ముందు అడగవలసింది ఏ పాత్రలో, ఎన్ని నీళ్లలో కలిపారని. రుచి కూడా చెబుతుంది: సరిగ్గా కలిపింది కన్నీళ్లంత ఉప్పగా ఉంటుంది, అంతకు మించకూడదు. చక్కెర ఎక్కువై సోడియం తక్కువైన పళ్లరసాల పానీయాలు ఇంకోరకంగా ఇదే పని చేస్తాయి. వాటి పెట్టెల మీద ఓఆర్ఎస్ అన్న పేరు ఉండకూడదని హైదరాబాద్ పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. 2025లో ఆహార భద్రత సంస్థ ఆ పేరు వాడకాన్ని ఆపింది.

స్పృహ తప్పిన బిడ్డకు, నాడి అందని బిడ్డకు మాత్రం సెలైన్ ఎక్కించాల్సిందే. వాంతి అయితే పది నిమిషాలు ఆగి, చెంచాతో నెమ్మదిగా మళ్లీ మొదలుపెట్టాలి.

బన్‌గావ్‌లో గ్లాసు ప్రమాదం రాకుండా చూసింది డ్రమ్మే. కలకత్తాలో కట్టిన పెద్ద సంచి ఒక్కొక్కటీ పదహారు లీటర్లకు సరిపోయేది. తూకం అక్కడే అయిపోయింది, నీళ్లు కొలిచి కలపడం సిబ్బంది చేతిలో ఉంది. ఒడిలో బిడ్డతో కుళాయి కింద కప్పు పట్టిన తల్లికి కొలవడానికి ఏమీ మిగల్లేదు, ఎంత పోయిందో చూసి అంత పట్టడం తప్ప.