నలువదేళ్ళ ఆటవెలది

రాత్రి పదకొండు దాటింది. రాజమహేంద్రవరంలో మీ నాన్నగారి ఇంట్లో భోజనాల బల్ల దగ్గర కూర్చున్నారు మీరు. గోదావరి వంతెన ఎక్కుతున్న రైలు చప్పుడు కిటికీలోంచి సన్నగా వస్తోంది. ముందు గదిలో మీ పాప నిద్రపోతోంది. మీ ముందు పాత కరెంటు బిల్లు ఒకటి, దాని వెనకవైపు తెల్లగా ఉంది. చేతిలో పెన్సిలు. రేపు మీకు నలభై నిండుతాయి.

ఇదంతా సాయంత్రం మందుల చీటీతో మొదలైంది. నాన్నగారికి రాత్రి వేసే మాత్ర ఏదో చూద్దామని చీటీ తీశారు. అక్షరాలు అలుక్కుపోయి కనిపించాయి. చీటీని కొంచెం దూరం జరిపారు. ఇంకొంచెం జరిపారు. చెయ్యి పూర్తిగా చాచాక గానీ మాత్ర పేరు తేటపడలేదు. కుర్చీలోంచి చూస్తున్న నాన్నగారు అన్నారు: “చత్వారం వచ్చిందమ్మా నీకు.”

చత్వారం. సంస్కృతంలో నలభైని చత్వారింశత్ అంటారు, ఈ పేరు అక్కడిదే. కంటిలోపలి కటకం వయసుతో బిరుసెక్కుతుంది. దగ్గరి వస్తువు మీద చూపు నిలపాలంటే అది ఉబ్బాలి, ఇప్పుడు మునుపటంత ఉబ్బదు. అందుకే దూరాన రైలు పెట్టెలు స్పష్టంగా కనిపిస్తాయి, చేతిలో చీటీ కనిపించదు. మన పెద్దవాళ్ళు కంటి జబ్బుకు వయసు పేరే పెట్టేశారు. పుట్టినరోజుకు ముందురోజే ఆ పేరు మీకు అందింది. దాని మీద పద్యం రాయాలనిపించింది.

ఆటవెలది మీకు కొత్తది కాదు. తెలుగు మాస్టారి కూతురు మీరు, వేమన పద్యాలతో పాటే ఆ నడక చెవికెక్కింది. ఒకటి, మూడు పాదాల్లో మూడు సూర్యగణాలు, ఆపైన రెండు ఇంద్రగణాలు. రెండు, నాలుగు పాదాల్లో అయిదూ సూర్యగణాలే. సూర్యగణమంటే మూడు లఘువులు గానీ, ఒక గురువూ ఒక లఘువూ గానీ. పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో యతి కుదరాలి. వేమన నాలుగో పాదాన్ని మకుటానికి ఇచ్చేసి, చాలాసార్లు మూడు పాదాల్లోనే చెప్పదలచింది చెప్పేశాడు. మీకు నాలుగూ ఉన్నాయి.

మొదటి పాదం చీటీ ఇచ్చినదే: “చేయి చాచి చదువ చీటిలో మందును.” వేళ్ళ మీద లెక్కపెట్టారు. చేయి, చాచి, చదువ, మూడూ సూర్యగణాలు. చీటిలో, మందును, రెండూ ఇంద్రగణాలు. ‘చే’కి ‘చీ’ కలిసింది. రెండో పాదమూ వెంటనే వచ్చింది: “చేయి చాలదనుచు నవ్వుకొంటి.” చేయి, చాల, దనుచు, నవ్వు, కొంటి, గణాలు సరిపోయాయి. పైకి చదివారు.

“నాలుగో గణం దగ్గర కాలు జారింది,” అన్నారు నాన్నగారు చీకట్లోంచి. ఆయన ఇంకా పడుకోలేదు.

మళ్ళీ చదివితే మీకూ వినిపించింది. మొదట ‘చే’ ఉంది, ‘నవ్వు’లో ‘న’ దానికి చుట్టం కాదు. గణం తప్పితే వేలు చెబుతుంది, యతి తప్పితే చెవి చెబుతుంది. నవ్వు కొట్టేసి ‘చెప్పు’ పెట్టారు: “చేయి చాలదనుచు చెప్పుకొంటి.” అర్థం కూడా మెరుగైంది, నవ్వు కాస్తా సాకు అయింది. చెయ్యి పొట్టిదని ఎవరికో సంజాయిషీ ఇస్తున్నట్టుంది.

నాలుగో పాదాన్ని నలభైతోనే ఎత్తుకోవాలని మీ పట్టుదల. కానీ నలభై అన్న మాటలో రెండు లఘువులు, ఆ తర్వాత గురువు. గణం మొదట్లో పెడితే సూర్యగణం అవదు. మూడుసార్లు రాసి మూడుసార్లూ కొట్టేశారు. అప్పుడు నాన్నగారి పాత నోట్‌పుస్తకాల్లో కనిపించే మాట గుర్తొచ్చింది: నలువది. ‘నలువదేళ్ళ’ అంటే నలువ, దేళ్ళ. మూడు లఘువులు ఒకటి, గురువు లఘువు ఒకటి. రెండు సూర్యగణాలు దానంతట అవే విడిపోయాయి. ఆ పాదానికి ‘న’తో యతి కావాలి. రెండో పాదంలో కొట్టేసిన నవ్వు ఇక్కడికి వచ్చి కూర్చుంది.

చేయి చాచి చదువ చీటిలో మందును
చేయి చాలదనుచు చెప్పుకొంటి;
కన్ను తప్పు కాదు, కాగితం తప్పన
నలువదేళ్ళ వయసు నవ్విపోయె.

“బాగుంది,” అన్నారు నాన్నగారు. “కాగితం అన్నావు, కాగితమ్ము అనలేదు. ఫరవాలేదు, మన మాటే.”

అక్కడితో లేచిపోవచ్చు. కానీ పెన్సిలు కింద పెట్టబుద్ధి కాలేదు. నవ్విపోయిన ఆ వయసు ఎక్కడికి పోయిందన్న ప్రశ్న పట్టుకుంది. వెనక్కి చూస్తే మీకు కనిపించింది ఒక సాయంత్రం. మీకు పదేళ్ళు. నాన్నగారు స్కూలు నుంచి సంచీ పట్టుకుని సందు మలుపు తిరిగి వస్తున్నారు, ఒక్కో అడుగూ ఆచితూచి వేస్తూ. “నాన్నకు నలభై నిండాయి ఇవాళ,” అని అమ్మ అంది. అయితే నాన్న ముసలివాడైపోయాడని గుమ్మంలో నిలబడి అనుకున్నారు మీరు. ఏడుపు కూడా వచ్చింది.

ఇప్పుడు మీ పాపకు పదేళ్ళు.

పెన్సిలు కాసేపు కదల్లేదు. తర్వాత మూడు పాదాలు ఆగకుండా వచ్చాయి. నాలుగోది ‘పాప’తో మొదలైంది, యతికి ప, ఫ, బ, భలలో ఏదైనా పనికొస్తుంది. బడి, పని, బతుకు, ఒక్కొక్కటీ పెట్టి చూశారు. ఏదీ నిజం చెప్పలేదు. భయం అని రాయడానికి చెయ్యి వెనకాడింది, కానీ ఆ చోట సరిగ్గా పట్టింది ఆ మాటే.

నాన్నకపుడు నిండె నలువదేళ్ళట, చూడ
నాకు ముసలివాని నడక తోచె;
నేడు నాకు నిండె, నేనింక పిల్లనే;
పాప నడుగ నాకు భయము వేసె.

మెల్లగా చదివి వినిపించారు. ఈసారి నాన్నగారు చాలాసేపు మాట్లాడలేదు. యతి ఎక్కడైనా పోయిందేమోనని మీరు మళ్ళీ వేళ్ళు మడుస్తున్నారు.

“ఆ రోజు,” అన్నారు చివరికి, “కొత్త చెప్పులు వేసుకెళ్ళానమ్మా. మడమ దగ్గర కరిచాయి. బస్సు దిగిన దగ్గర్నుంచీ కుంటుకుంటూ వచ్చాను.”

మీకు నవ్వు ఆగలేదు. ఆయనకూ ఆగలేదు. ముప్ఫై ఏళ్ళు మీరు మోసిన ముసలితనం ఒక జత చెప్పులది.

“మరి పద్యం మార్చనా నాన్నా?”

“ఎందుకు? నీకు తోచింది అన్నావు కదా. తోచె అన్న మాట ఉన్నంతవరకు అబద్ధం కాదు.”

మాటలకు మెలకువ వచ్చి పాప లేచింది. మంచినీళ్ళు తాగి, జుట్టు మొహం మీద పడుతుండగా వచ్చి మీ కుర్చీకి ఆనుకుంది. ఆ పసుపు దీపం కింద మీ రాత మీకే మసకగా ఉంది. కాగితం దూరంగా పట్టబోయారు. పాప మీ చేతిలోంచి లాక్కుని, ముక్కుకు ఆనేంత దగ్గరగా పెట్టుకుని చదవడం మొదలుపెట్టింది. ‘నలువదేళ్ళ’ దగ్గర తడబడి, కూడబలుక్కుంది. చెయ్యి పొట్టిదన్న చోట కిసుక్కున నవ్వింది. రెండో పద్యం చివరికొచ్చి ఆగిపోయింది.

“అమ్మా, నన్ను ఏమడగాలి?”

నాన్నగారు కుర్చీలో ముందుకు వంగారు. మీరు లేచి నిలబడ్డారు. గుమ్మం దాకా నడిచి, అక్కడి నుంచి పాప వైపు తిరిగి వస్తున్నారు. పాప కాగితం పక్కన పెట్టి, మీ పాదాల వైపే చూస్తోంది.