హాల్లోంచి పక్క గదికి ఒక కాగితం

మొన్న సెలవులకి ఎర్రగుంట్లకి పోయినప్పుడు ఒక ఆదివారం మధ్యాహ్నం జరిగిన సంగతి ఇది. సోమవారం పొద్దున్నే పంట లోను రెన్యువల్ కోసం నాయన బ్యాంకుకి పోవాలి. 1బి కాపీ ప్రింటు కావాలి. పీడీఎఫ్ ఆయన ట్యాబ్లెట్లో ఉంది, వైఫై ప్రింటర్ కింద గదిలో ఉంది. నెట్ సెంటర్‌కి ఆదివారం తాళం. ట్యాబ్లెట్ మాత్రం ప్రింటర్ల కోసం వెతుకుతూనే ఉంది, ఎంతసేపైనా ఏదీ చూపించట్లేదు.

"ఏమిరా, ఇన్నేండ్లు కంప్యూటర్లలోనే పన్జేస్తివి, ఒక కాయితం బయటికి తీలేవా?" అన్నాడు నాయన. మాట తగలాల్సిన చోటే తగిలింది.

చిత్రం ఏమిటంటే, గంట ముందే మా అక్క కూతురు కింద హాల్లో కూర్చుని తన క్రోమ్‌బుక్ నుంచి స్కూలు ప్రాజెక్టు అదే ప్రింటర్‌లో తీసుకుంది. డ్రైవరూ లేదు, యాప్ కూడా లేదు. ప్రింట్ అనగానే లిస్టులో పేరు వచ్చింది, అంతే. మరి ట్యాబ్లెట్‌కి ఏమొచ్చింది? జవాబు తెలియాలంటే కొంచెం వెనక్కి పోవాలి.

మనం ఉద్యోగాల్లో చేరిన కొత్తలో ప్రింటర్ అంటే ఒక సీడీ. కంప్యూటర్‌కి ప్రింటర్ భాష రాదు, ఆ భాష నేర్పేది డ్రైవర్. నెట్‌వర్క్ మీద ప్రింట్ చేయడానికి అప్పటికి వాడుకలో ఉన్న ఎల్పీడీ (1990లో ఆర్ఎఫ్‌సీ 1179గా రాసిపెట్టారు) బైట్లు మోసుకుపోయే కూలీ లాంటిది. "నీకు ఏ ఫార్మాట్ తెలుసు? రంగులు వస్తాయా? రెండు వైపులా కొడతావా?" అని ప్రింటర్‌ని అడిగే పద్ధతి అందులో లేదు. 1999 ఏప్రిల్‌లో వచ్చిన ఐపీపీ ఆ లోటు తీర్చింది. హెచ్‌టీటీపీ మీద, 631 పోర్టులో, ప్రింటర్‌నే అడగొచ్చు, ప్రింటరే చెబుతుంది. అంటే డ్రైవర్ అవసరం లేకుండా చేసే ముఖ్యమైన ముక్క ఆ రోజే ఉంది. కానీ చెప్పిన ఫార్మాట్ ఒక్కో కంపెనీది ఒక్కో తీరు కాబట్టి డ్రైవర్ పోలేదు.

2010లో రెండు దార్లు చీలాయి. ఆ నవంబర్‌లో ఆపిల్ ఎయిర్‌ప్రింట్ తెచ్చింది. అది ఐపీపీకే ప్రింటర్‌ని దానంతటదే కనిపెట్టే పద్ధతినీ, అందరికీ ఒకటే బొమ్మ ఫార్మాట్‌నీ జోడించింది. అదే ఏడాది గూగుల్ క్లౌడ్ ప్రింట్ ప్రకటించింది. 2011లో వచ్చిన మొదటి క్రోమ్‌బుక్‌లకి అదే దిక్కు. హాల్లోని కాగితం గూగుల్ సర్వర్ దాకా పోయి, తిరిగి పక్క గదికి రావాలి. కాలవ పక్కనే ఉన్న చేనుకి ట్యాంకర్‌తో నీళ్ళు తోలినట్టు! ఇంటర్నెట్ పోతే పక్క గదిలోకి కూడా ప్రింట్ పోదు. 2020 డిసెంబర్ 31న దాన్ని మూసేశారు.

ఈ లోపల 2013లో ఐపీపీ ఎవ్రీవేర్ అని అందరికీ తెరిచిన ప్రమాణం వచ్చింది. అదే ఏడు కెనాన్, హెచ్‌పీ, శాంసంగ్, జిరాక్స్ కలిసి మోప్రియా కూటమి పెట్టుకున్నాయి. ఆండ్రాయిడ్ 4.4లో ప్రింటింగ్ వచ్చింది గానీ, ఒక్కో కంపెనీ ప్రింటర్‌కి ఒక్కో ప్లగిన్ వేసుకోవాల్సి వచ్చేది. 2017లో ఆండ్రాయిడ్ 8తో మోప్రియా ఇచ్చిన కోడ్ సిస్టమ్‌లోనే కలిసింది. ఇప్పుడు మీ ట్యాబ్లెట్లో `Default Print Service` అని కనిపించేది అదే. క్రోమ్‌బుక్ కూడా కప్స్ సాయంతో లోకల్ నెట్‌వర్క్‌కే తిరిగొచ్చింది.

అంటే ఇంతా తిరిగి, 1999 నాటి "ప్రింటర్‌నే అడుగు" దగ్గరికే వచ్చాం. మా ప్రింటర్‌ని నా లైనక్స్ లాప్‌టాప్ నుంచి అడిగి చూశాను:

```
ipptool -tv ipp://192.168.1.7/ipp/print \
  get-printer-attributes.test | grep document-format-supported
```

జవాబులో `image/urf`, `image/pwg-raster`, `image/jpeg` ఉన్నాయి, పీడీఎఫ్ లేదు. ఫర్వాలేదు. పీడీఎఫ్‌ని ట్యాబ్లెటే చుక్కలుగా మార్చి పంపుతుంది. 300 డీపీఐలో ఏ4 పేజీ అంటే సుమారు 87 లక్షల చుక్కలు. మన తెలుగుకి ఇందులో ఒక లాభం ఉంది. ప్రింటర్‌లో తెలుగు ఫాంట్ ఉండక్కర్లేదు. "రాష్ట్రం"లో ఒత్తులు తెరమీద సరిగ్గా ఉంటే కాగితం మీదా సరిగ్గానే ఉంటాయి. ఈ కమాండ్‌కి అసలు జవాబే రాకపోతే, ఐపీ అడ్రసు సరైనదే అని చూసుకున్నాక కూడా, అది ఐపీపీ తెలియని పాత ప్రింటర్ కావొచ్చు. దాన్ని ఈ సర్వీసు నేరుగా వాడుకోలేదు.

మా ప్రింటర్ బాగానే మాట్లాడింది కాబట్టి, లోపం కనిపెట్టే దగ్గరే ఉందన్నమాట. ప్రింటర్ల కోసం ట్యాబ్లెట్ వేసే కేక (ఎండీఎన్ఎస్) 224.0.0.251 అనే మల్టీకాస్ట్ అడ్రసుకి పోతుంది. ఆ కేక ఒక నెట్‌వర్క్‌లోనే వినిపిస్తుంది, రౌటర్ దాటదు. ట్యాబ్లెట్ వైఫై వివరాల్లో ఐపీ చూశాను: 192.168.0.12. ప్రింటర్‌దేమో 192.168.1.7. మూడో అంకె వేరు. దొరికాడు దొంగ!

దొంగ ఎవరో కాదు, నేనే. పోయిన సంక్రాంతికి మిద్దె మీద సిగ్నల్ రావట్లేదని రెండో రౌటర్ పెట్టి, కింద నుంచి వచ్చిన కేబుల్‌ని దాని WAN పోర్టులో గుచ్చాను. రెండిటికీ ఒకటే పేరు, ఒకటే పాస్‌వర్డ్. అలా మిద్దె మీద తెలియకుండానే వేరే నెట్‌వర్క్ తయారైంది. నాయన ట్యాబ్లెట్ దానికి అతుక్కుంది, పాప క్రోమ్‌బుక్ కింది దానికి.

ఆ సాయంత్రానికి దగ్గరి దారి పట్టాను. ట్యాబ్లెట్లో `Settings` → `Connected devices` → `Connection preferences` → `Printing` → `Default Print Service`, అక్కడ ప్రింటర్ కలిపే చోట ఐపీ అడ్రసుతో కలిపే ఆప్షన్, 192.168.1.7 అని కొట్టాను. (మెనూల పేర్లు కంపెనీని బట్టి మారతాయి, `Printing` అని వెతకండి.) లోపలి రౌటర్ నుంచి బయటి దానికి మామూలు కనెక్షన్ పోతుంది, కేక మాత్రమే పోదు. కాబట్టి పనిచేసింది. 1బి బయటికొచ్చింది.

సోమవారం నాయన బ్యాంకు నుంచి వచ్చేలోపల కరెంటు పోయి వచ్చింది, ప్రింటర్ ఐపీ 192.168.1.5 అయింది, ట్యాబ్లెట్‌కి మళ్ళీ ప్రింటర్ మాయం. ఐపీ చేత్తో రాస్తే వచ్చే తంటా ఇదే. ఇంక లాభం లేదని అసలు మరమ్మతు చేశాను. రెండో రౌటర్ అడ్రసుని 192.168.1.2కి మార్చి (కింది రౌటర్ పంచే అడ్రసుల పరిధిలో అది లేదని ముందే చూసుకుని), దాని డీహెచ్‌సీపీ ఆపేసి, కేబుల్‌ని WAN నుంచి తీసి LAN పోర్టులో పెట్టాను. ఇప్పుడు ఇల్లంతా ఒకటే నెట్‌వర్క్. చేత్తో కలిపిన ఎంట్రీ తీసేశాను. ప్రింటర్ పేరు దానంతటదే వచ్చింది. ఐపీ ఎన్నిసార్లు మారినా ఇబ్బంది లేదు, ప్రతిసారీ కేక వేసి కొత్తది తెలుసుకుంటుంది.

మీ ఇంట్లోనూ ప్రింటర్ కనపడకపోతే డ్రైవర్ల కోసం వెతకొద్దు, ముందు ఆ మూడో అంకె చూడండి. అంకె ఒకటే అయినా కనపడకపోతే గెస్ట్ వైఫైలో ఉన్నారేమో, రౌటర్‌లో క్లయింట్ ఐసొలేషన్ ఆన్‌లో ఉందేమో చూడండి.

తప్పు నాదే అన్న సంగతి నాయనకి ఇంకా చెప్పలేదు. ఆయన బ్లాగులు చదవడు కాబట్టి ధైర్యంగా ఇక్కడ రాసుకుంటున్నా.