మాట వినబడుతుంది, తెలియదు: ఒక పరీక్ష చరిత్ర

మాట ఎంత స్పష్టంగా చేరుతోందో కొలిచే పద్ధతి మొదట చెవి కోసం పుట్టలేదు, టెలిఫోన్ కోసం పుట్టింది. 1920ల నాటికే అమెరికాలో బెల్ సంస్థ పరిశోధకుడు హార్వే ఫ్లెచర్, ఆయన సహచరులు ఒకరిచేత అక్షరాలు చదివించి, అవతలివారు ఎన్నింటిని సరిగ్గా పట్టుకున్నారో లెక్కించి ఫోన్ నాణ్యతను నిర్ణయించేవారు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో హార్వర్డ్ శాస్త్రజ్ఞులు సైనిక సమాచార పరికరాలను పరీక్షించడానికి 50 పదాల జాబితాలు తయారుచేశారు. వాడుక భాషలో ఏ ధ్వని ఎంత తరచుగా వస్తుందో, జాబితాలోనూ దాదాపు అంతే వచ్చేలా పదాలను ఎంచారు.

అవే జాబితాలు ఆసుపత్రులకు చేరాయి. పెన్సిల్వేనియాలోని డెషాన్ సైనిక ఆసుపత్రిలో రేమండ్ కార్హార్ట్, వినికిడి దెబ్బతిన్న సైనికులకు పరికరాలు ఎంచడానికి మాటల పరీక్షను వాడాడు. 1952లో సెయింట్ లూయీలో ఐరా హిర్ష్ బృందం జాబితాలను సరిదిద్ది రికార్డు చేసింది. అప్పటికే కొలతలు రెండుగా విడిపోయాయి. మాటను సగంసార్లు గుర్తించడానికి కావలసిన కనీస ధ్వని ఒకటి. హాయిగా వినబడే స్థాయిలో నూటికి ఎన్ని పదాలు సరిగ్గా తిరిగి చెప్పగలరన్నది రెండోది.

ఈ రెండూ ఎందుకు కలిసి నడవవు? అచ్చులు బలమైనవి, వాటి శక్తి ఎక్కువగా తక్కువ పౌనఃపున్యాల్లో ఉంటుంది. స, ష, త వంటి హల్లుల గుర్తులు బలహీనంగా, ఎక్కువగా పై పౌనఃపున్యాల్లో ఉంటాయి. వయసుతో మొదట దెబ్బతినేది ఆ పై భాగమే. అందుకే గొంతు వినబడుతుంది, పదం తెలియదు. శ్రవణ నాడిలో లోపముంటే సంగతి వేరు. మెదడుకు చేరే సంకేతమే చెదిరిపోతుంది కనుక, ధ్వని పెంచినా స్పష్టత రాదు, కొన్నిసార్లు ఇంకా తగ్గుతుంది.

ఈ తగ్గుదలను 1971లో జేమ్స్ జెర్గర్, సుసాన్ జెర్గర్ ఒక లెక్కగా మార్చారు. ఉదాహరణకు ఒకరు 75 డెసిబెల్స్ వద్ద 50 పదాల్లో 36 సరిగ్గా చెప్పారనుకుందాం. అంటే 72 శాతం. 90 డెసిబెల్స్‌కు పెంచితే 18 మాత్రమే చెప్పారు, అంటే 36 శాతం. తగ్గిన 36ను గరిష్ఠమైన 72తో భాగిస్తే 0.5. ఆ జాబితాలకు ఈ విలువ 0.45 దాటితే నాడి మీద అనుమానం కలుగుతుంది. అప్పుడు ఎమ్మారై తీయించి గడ్డ ఉందేమో చూడాలి. ఈ అంకె రోగ నిర్ధారణ కాదు, వెతకమని చెప్పే సూచన.

అయితే ప్రతి తగ్గుదలా నిజమైన మార్పు కాదు. 1978లో థార్న్‌టన్, రాఫిన్ చూపినదాని ప్రకారం, 25 పదాలతో స్కోరు 80 నుంచి 60 శాతానికి పడినా అది కేవలం యాదృచ్ఛికం కావచ్చు. 50 పదాలతో అదే తేడా వస్తే నిజమైన మార్పుగా తీసుకోవచ్చు. సమయం మిగుల్చుకోవడానికి సగం జాబితాతో సరిపెట్టడంలో ఉన్న నష్టం ఇదే.

జాబితా వినేవారి భాషలో ఉండటం కూడా అంతే ముఖ్యం. ఇంగ్లిష్ జాబితాల్లో ఏకాక్షర పదాలే ఎక్కువ. తెలుగులో అలాంటివి తక్కువ కాబట్టి రెండక్షరాల పదాలు వాడటం సహజం. తెలుగు మాత్రమే వచ్చిన పెద్దాయనకు ఇంగ్లిష్ పదాలు వినిపిస్తే, వచ్చిన తక్కువ స్కోరులో చెవి వాటా ఎంతో, భాష వాటా ఎంతో విడదీయలేం. అందుకే రిపోర్టులో శాతం పక్కన ఏ భాష, ఎన్ని పదాలు, ఎన్ని డెసిబెల్స్ అన్నవి కూడా రాసి ఉండాలి. ఆ మూడూ లేని శాతాన్ని మరుసటి ఏడాది స్కోరుతో పోల్చడానికి వీలుండదు.