ఒప్పందం ముగిశాక కూడా నిలిచే షరతులు

హోసూరు ప్రాంతంలో లేత్ వర్క్‌షాపులు నడుపుకుంటున్న మనవాళ్ల కుటుంబాలు చాలా ఉన్నాయి. కంపెనీలతో వాళ్లు చేసుకునే ఒప్పందాలు ఇంగ్లీషులో ఉంటాయి. గడువు, రేటు చూసుకుని సంతకం పెడతారు. చివరి పేజీల్లో ఉండే సర్వైవల్ క్లాజ్‌ను ఎవరూ చదవరు. ఒప్పందం ముగిశాక ఏయే షరతులు ఇంకా కట్టుబడి ఉంటాయో చెప్పేది అదే.

ఒక ఉదాహరణ చూద్దాం. ఒక వర్క్‌షాపు ఒప్పందం 2025 మార్చి 31న ముగిసింది. సర్వైవల్ క్లాజ్‌లో 6, 9, 11 షరతులు నిలుస్తాయని ఉంది. 6 చెల్లింపు, 9 గోప్యత, 11 డ్రాయింగుల వాపసు. మార్చి 20న అందించిన సరుకుకు 1,20,000 రూపాయల బిల్లు మిగిలింది. 45 రోజుల్లో చెల్లించాలన్నది షరతు కాబట్టి గడువు మే 4. ఒప్పందం పోయింది కదా అని కంపెనీ ఆ బాకీ ఎగ్గొట్టలేదు, అది అప్పటికే చేసిన పనికి రావలసిన డబ్బు. అయితే సర్వైవల్ క్లాజ్ ఉన్నంత మాత్రాన దావా గడువు పెరగదు. మామూలుగా మూడేళ్లే. ఆలోగా కంపెనీ బాకీ ఉందని రాసి సంతకం చేస్తే, ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు లెక్క. ఫోనులో "ఇస్తాంలే" అన్న మాటకు ఆ విలువ లేదు.

డ్రాయింగులు 15 రోజుల్లో, అంటే ఏప్రిల్ 15 లోగా, తిరిగి ఇవ్వాలి. చిక్కు వచ్చేది ఇక్కడే. కాగితాలు ఇచ్చేస్తారు గానీ మేస్త్రీ ఫోనులో, వాట్సాప్‌లో, పాత కంప్యూటరులో కాపీలు ఉండిపోతాయి. అన్నీ తీసేసి, తీసేశామని ఒక లేఖ రాసి, అందినట్టు రసీదు తీసుకోవాలి. బాకీ వచ్చేదాకా డ్రాయింగులు ఇవ్వమని పట్టుబట్టడం మంచిది కాదని మా అభిప్రాయం. ఎదుటివాళ్ల తప్పు పక్కకు పోయి మన తప్పు ముందుకొస్తుంది. బిల్లులు, జీఎస్టీ లెక్కలు మాత్రం మన దగ్గరే ఉంచుకోవాలి.

గోప్యత మూడేళ్లని రాసుంటే 2028 మార్చి 31 దాకా. ఆ డ్రాయింగులతో మరొకరికి పని చేయకూడదు. కానీ "రెండేళ్లు ఇలాంటి పని ఎవరికీ చేయకూడదు" అన్న షరతు వేరే సంగతి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ప్రకారం, ఒప్పందం ముగిశాక బతుకుదెరువును ఆపే అలాంటి షరతు సాధారణంగా చెల్లదు. క్రికెటర్ జహీర్ ఖాన్‌పై పర్సెప్ట్ డిమార్క్ కంపెనీ వేసిన కేసులో 2006లో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. కాలం ముగిశాక ఆయన ఎవరితో ఒప్పందం చేసుకోవాలన్నా ముందు ఆ కంపెనీకే అవకాశం ఇవ్వాలన్న షరతు చెల్లలేదు.

మధ్యవర్తి ద్వారా తీర్పు అన్న షరతు సర్వైవల్ క్లాజ్‌లో లేకపోయినా మిగులుతుంది. చట్టం దాన్ని విడి ఒప్పందంగా చూస్తుంది.

సంతకానికి ముందు ఆ క్లాజ్‌లోని నంబర్లను అసలు షరతులతో పోల్చి చూడండి. మధ్యలో ఒక షరతు చేర్చితే గోప్యత 10వ నంబరుకు జరుగుతుంది, సర్వైవల్ క్లాజ్‌లో మాత్రం 9 అనే ఉండిపోతుంది. చేతిరాతతో సరిచేయించి, పక్కన ఇద్దరూ సంతకం పెట్టాలి.