బాండ్లకీ ఓ వయసుంటుంది

మన ఐటీ కంపెనీల అట్రిషన్ రేటు ఎలా తగ్గుతుందో గమనించారా? ఏటా ఫ్రెషర్స్‌ని రెట్టింపు సంఖ్యలో చేర్చుకుంటే చాలు. మొదటి ఏడాదిలో బాండ్ రాసిచ్చిన కుర్రాళ్ళు ఎక్కడికీ పోరు కదా! వెళ్ళిపోయినవాళ్ళని మొత్తం సంఖ్యతో భాగిస్తే రేటు ముద్దుగా కనిపిస్తుంది. అదే ఒక బ్యాచ్‌ని పట్టుకుని మూడేళ్ళ తర్వాత ఎంతమంది మిగిలారో లెక్కపెట్టండి, అసలు సంగతి బయటపడుతుంది.

1980లలో అమెరికాలో జంక్ బాండ్ల విషయంలో అచ్చంగా ఇదే జరిగింది. రేటింగ్ తక్కువున్న కంపెనీలు ఎక్కువ వడ్డీ ఇస్తామని అప్పు తెచ్చుకునే పత్రాలివి. డ్రెక్సెల్ బర్న్‌హమ్ లాంబర్ట్ సంస్థలో మైఖేల్ మిల్కెన్ వీటికి పెద్ద బజారే కట్టాడు. "ఏడాదికి ఎగ్గొట్టేది ఒకటో రెండో శాతం, అదనంగా వచ్చే వడ్డీ అంతకంటే ఎక్కువ, ఇంకేం కావాలి?" అన్నది అమ్మేవాళ్ళ వాదన. ఇన్సూరెన్స్ కంపెనీలు కూడా ఎగబడి కొన్నాయి.

ఆ శాతంలో ఉన్న కిటుకేంటంటే, హారంలో ఎక్కువభాగం నిన్నగాక మొన్న పుట్టిన బాండ్లు. అప్పు చేతికొచ్చిన ఏడాదే ఏ కంపెనీ అయినా చేతులెత్తేయడం అరుదు, ఖజానాలో డబ్బులింకా ఉంటాయి కాబట్టి.

1989లో రెండు పరిశోధనలు దీన్ని తిరగేసి చూశాయి. న్యూయార్క్ యూనివర్సిటీ ప్రొఫెసర్ ఎడ్వర్డ్ ఆల్ట్‌మన్, ఇన్సూరెన్స్ వాళ్ళ మరణాల పట్టికని బాండ్లకి వాడాడు. పుట్టి ఎన్నో ఏడు, ఆ ఏటికి బతికున్నవెన్ని, వాటిలో ఆ ఏడు పోయినవెన్ని... ఇదీ పద్ధతి. ఆస్క్విత్, మల్లిన్స్, వుల్ఫ్ అనే ముగ్గురు బ్యాచ్‌లవారీగా లెక్కేస్తే, 1977, 78లలో జారీ అయిన జంక్ బాండ్లలో 1988 చివరికి 34 శాతం డిఫాల్ట్ అయ్యాయని తేలింది.

ఇప్పుడు నేను ఊహించుకున్న అంకెలతో ఒక లెక్క చేద్దాం. 100 డాలర్ల బాండ్, మూడేళ్ళు, 12 శాతం వడ్డీ. బతికున్న బాండ్లలో మొదటి ఏడు 1%, రెండో ఏడు 4%, మూడో ఏడు 7% పోతాయనుకుందాం. పోతే 40 డాలర్లు వెనక్కొస్తాయి.

```python
S = 1.0
for t, h in enumerate([0.01, 0.04, 0.07], 1):
    promised = 112 if t == 3 else 12
    cash = promised * S * (1 - h) + 40 * S * h
    S *= 1 - h
    print(t, round(S, 4), round(cash, 2))
```

ఇక్కడ `S` అంటే ఆ ఏడాది చివరికి బాండ్ బతికుండే సంభావ్యత. అది 0.99, 0.9504, 0.8839గా దిగుతుంది. అంటే మూడేళ్ళలో 11.6% పోతాయి. పోయిన ప్రతి దాంట్లో 60 డాలర్ల అసలు నష్టం కాబట్టి, వందకి సగటున పోయే అసలు దాదాపు 7 డాలర్లు. చేతికి రాగలవని ఆశించదగ్గ మొత్తాలు 12.28, 12.99, 101.65. వీటి నేటి విలువ సరిగ్గా 100 అయ్యే రేటు ఎంతో చూస్తే 9.3% వస్తుంది. ప్రభుత్వ బాండ్ 8% ఇస్తుంటే, మనం తీసుకున్న రిస్కుకి దక్కేది నాలుగు శాతం కాదు, ఒకటీ పాతిక చిల్లర!

అదే బాండ్లు ఏటా రెట్టింపు చొప్పున, 100, 200, 400 జారీ అయితే? మూడో ఏడు డిఫాల్ట్ రేటు 2.7 శాతమే కనిపిస్తుంది. జారీ ఆగిపోయి పాత బ్యాచ్ ఒక్కటే మిగిలితే 7. బాండ్లు ఏమీ మారలేదు, హారం మారిందంతే.

ఆగడం ఆగింది కూడా. 1990 ఫిబ్రవరిలో డ్రెక్సెల్ దివాలా తీసింది. జంక్ బాండ్లతో గోదాములు నింపుకున్న ఎగ్జిక్యూటివ్ లైఫ్ ఇన్సూరెన్స్‌ని 1991 ఏప్రిల్‌లో కాలిఫోర్నియా ప్రభుత్వం స్వాధీనం చేసుకుంది. దెబ్బ తగిలింది, జంక్ బాండంటే ఏమిటో కూడా తెలియని పాలసీదారులకి.

అలాగని జంక్ బాండ్లన్నీ చెత్త అని తేలలేదండోయ్. మరణాలు తీసేశాక కూడా పదేళ్ళలో అన్ని రేటింగుల బాండ్లూ ప్రభుత్వ బాండ్లకంటే ఎక్కువే ఇచ్చాయని ఆల్ట్‌మన్ లెక్క. కాకపోతే అది సగటు. పైగా మన లెక్కలో బలహీనత ఆ 40 డాలర్ల దగ్గరుంది. కంపెనీలు మూకుమ్మడిగా పోయే ఏడాదిలో వాటి ఆస్తులు కొనే నాథుడుండడు. 40 కాస్తా 25 అవుతుంది, అదీ `h` పెరిగిన ఏడాదే. రెండింటినీ విడివిడిగా గుణించే ఏ ప్రోగ్రామూ ఆ ఏడాదిని పట్టుకోలేదు.

అందుకే ఎవరైనా డిఫాల్ట్ రేటు తక్కువని చెబితే, నేను అడిగేది ఒకటే... ఆ బాండ్ల వయసెంత?